మనిషీ, కోపం వద్దు

జర్మనీ నుంచి మంథని చేరిన ఆట పెట్టెలో నియమాల కాగితం లేదు. అక్కడి స్నేహితురాలు తన కాగితాన్ని ఫొటో తీసి పంపితే, మా మేనకోడలు తెలుగు చేసింది. 1914 నుంచి ష్మిట్ సంస్థ పెద్ద ఎత్తున తయారుచేసిన ఆట అది. పేరుకు అర్థం 'మనిషీ, కోపం తెచ్చుకోకు'.

ఆ పిల్ల పనితనం మాటల ఎంపికలో ఉంది. జర్మన్ మాట 'ష్లాగెన్'కు అర్థం కొట్టడం. ఆమె 'కాయను చంపడం' అని రాసింది. గమ్యం చేరడాన్ని 'కాయ పండింది' అంది. అష్టాచెమ్మా ఆడిన అమ్మమ్మకు ఇక వివరణ అక్కర్లేకపోయింది.

మొదటి ప్రతిలో ఒక తప్పు దొర్లింది. ఆరు పడితేనే కాయ బయటికి వస్తుంది. అందుకు మూడుసార్లు పాచిక వేయవచ్చు. ఆ అవకాశం బల్ల మీద కదిలే కాయ ఒక్కటీ లేనప్పుడే అన్న షరతు జారిపోయింది. అందరూ ప్రతి వంతుకూ మూడేసి సార్లు వేస్తుంటే తనే గుర్తుపట్టి, షరతును వాక్యం మొదటికి తెచ్చింది: "బల్ల మీద కదిలే కాయ నీకు ఒక్కటీ లేకపోతే, మూడుసార్లు వెయ్యి."

తర్వాత ఎవరూ కాగితం వైపు చూడలేదు.