బ్రోచర్‌లో హామీ ఎవరిది?

విదేశీ చదువుల కన్సల్టెన్సీ బ్రోచర్‌ను సరిదిద్దేవారు ప్రతి వాక్యం దగ్గరా ఆగి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఫలితాన్ని నిర్ణయించేది ఎవరు? సీటు ఇచ్చేది యూనివర్సిటీ, వీసా ఇచ్చేది కాన్సులేట్ అధికారి, ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. దరఖాస్తు నింపడంలో సాయం, పత్రాల పరిశీలన, ఇంటర్వ్యూ సాధన వంటివే కన్సల్టెన్సీ చేతిలో ఉన్న పనులు. కన్సల్టెన్సీ హామీ ఆ పనులను దాటకూడదు.

యానాంలోని అడవిపొలంలో ఇంటింటికీ పంచడానికి ఒక బ్రోచర్ సిద్ధమైందనుకుందాం. మొదటి పేజీలో మూడు మాటలున్నాయి: ‘అమెరికా ప్రభుత్వ ఆమోదం ఉన్న యూనివర్సిటీలో గ్యారంటీ సీటు’, ‘వంద శాతం వీసా సక్సెస్’, ‘చదువు కాగానే మూడేళ్ల జాబ్’.

మొదటి మాటలో ‘గ్యారంటీ’ని కొట్టేయడం తేలిక. ‘ప్రభుత్వ ఆమోదం’ నిజమే కావచ్చు, అందుకే అది మరింత ప్రమాదం. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీకి విదేశీ విద్యార్థులను చేర్చుకుని ఐ-20 పత్రాలు ఇచ్చే ఆమోదం 2009లో వచ్చింది. తప్పుడు పత్రాలతో దాన్ని సంపాదించారని తర్వాత తేలింది. 2011 జనవరిలో అధికారులు దాడులు చేసేనాటికి అక్కడ చేరినవారిలో ఎక్కువమంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగువారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. యూనివర్సిటీ అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఐ-20 ఇచ్చే ఆమోదం వేరు, చదువు నాణ్యతను పరిశీలించి ఇచ్చే అక్రెడిటేషన్ వేరు. రెండూ ఉన్నాయో లేదో, అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థ ఏదో బ్రోచర్ విడివిడిగా చెప్పాలి. సవరించిన వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మీ మార్కులకు తగిన, అక్రెడిటేషన్ ఉన్న యూనివర్సిటీలకు దరఖాస్తు చేయడంలో సాయం చేస్తాం. సీటు నిర్ణయం యూనివర్సిటీదే.’

రెండో మాట దగ్గర లెక్క అడగాలి. ఉదాహరణకు 50 మంది ఇంటర్వ్యూకు వెళితే 30 మందికి వీసా వచ్చింది. మిగిలిన 20 మందిలో 15 మంది మానుకున్నారు, ఐదుగురు మళ్లీ వెళ్లి తెచ్చుకున్నారు. మానుకున్నవారి ఫైళ్లు తీసేస్తే 35 మందికి 35 వీసాలు, అంటే వంద శాతం. మొదటి ప్రయత్నంలో వచ్చింది మాత్రం 60 శాతమే. అందుకే ఏ సంవత్సరం, ఏ దేశం, ఎంతమంది, ఎన్నో ప్రయత్నం అన్నవి లేని శాతాన్ని తీసేయాలి. అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్టు అధికారి ముందుగానే భావిస్తారు. కాదని ఒప్పించవలసిన బాధ్యత విద్యార్థిదే. వీసా రాకపోయినా దరఖాస్తు రుసుము తిరిగి రాదు. ఈ సంగతితో పాటు, కన్సల్టెన్సీ తన ఫీజులో ఎంత వాపసు ఇస్తుందో కూడా అదే పేజీలో రాయాలి.

మూడో మాట ఓపీటీ నుంచి పుట్టింది. చదువు తర్వాత 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ వంటి కోర్సులవారికి మరో 24 నెలలు తమ సబ్జెక్టులో పనిచేయడానికి ఇచ్చే అనుమతి అది. ఉద్యోగం వెతుక్కోవలసింది విద్యార్థే. మొదటి 12 నెలల ఓపీటీలో పని లేని రోజులు మొత్తం 90 దాటితే విద్యార్థి హోదాకే ముప్పు. ఆ తర్వాతి హెచ్-1బి వీసాలకు ఏటా మొత్తం 85,000 పరిమితి ఉంది. దరఖాస్తులు అంతకు మించితే ఎంపిక జరుగుతుంది. కాబట్టి ‘మూడేళ్ల జాబ్’ స్థానంలో ‘అర్హత ఉన్న కోర్సులకు మూడేళ్ల వరకు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగానికి హామీ లేదు’ అని రాయాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, ఏ తేదీ నాటి సమాచారమో కూడా అక్కడే ముద్రించాలి.

ఈ షరతులన్నీ చివరి పేజీ అడుగున చీమల బారులా ఉంటే సవరణ జరగనట్టే. విద్యాసంస్థల ప్రకటనలపై భారత ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాల ప్రకారం, పాత ఉద్యోగ ఫలితాలు భవిష్యత్తుకు హామీ కావన్న హెచ్చరిక, ఆ ఫలితాలను చెప్పిన అక్షరాల కంటే చిన్నగా ఉండకూడదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

బ్రోచర్‌ను నమ్మి పొలం తాకట్టు పెట్టే కుటుంబాలున్నాయి. కన్సల్టెన్సీ రాతపూర్వకంగా నిలబడలేని ఏ మాటనూ ప్రెస్సుకు పంపకూడదు. విద్యార్థులూ తల్లిదండ్రులూ డబ్బు కట్టకముందే, బ్రోచర్‌లోని ప్రతి హామీనీ సంతకంతో రాసిమ్మని అడగాలి.