బోర్డు మీది 🍪 ఎవరి సొత్తు?

బషీర్‌బాగ్‌లో నేను లోగోలు గీసే గదికి నారాయణగూడ నుంచి ఒక బేకరీ ఆయన వచ్చారు. షాపు పేరు పక్కన 🍪 ఉండాలి, బోర్డు మీదా అదే, ట్రేడ్‌మార్కూ అదే అన్నారు. డెలివరీ యాప్‌లో అలా పెడితే పేరు ఇట్టే కంట పడుతోందట.

"మీ ఉస్మానియా బిస్కెట్‌లో చాక్లెట్ ముక్కలెక్కడివండీ?" అన్నాను. నవ్వేసి, "జనానికి తెలుస్తుంది లెండి" అన్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. మనం టైప్ చేసే ఎమోజీ బొమ్మ కాదు, ఒక నంబరు. 🍪 నంబరు U+1F36A. దానికి ఏ బొమ్మ చూపించాలన్నది ఫోన్ తయారుచేసేవాళ్ల ఇష్టం. 2018లో మార్చేదాకా శాంసంగ్ ఫోన్లలో ఈ నంబరుకు రెండు చదరపు ఉప్పు బిస్కెట్లు కనిపించేవి. అంటే మన లోగోను వేరే కంపెనీ మనకు చెప్పకుండానే మార్చేయగలదు. ఇక ఫ్లెక్స్ వేసే కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బా వస్తుంది. బిల్లు మిషన్‌లో చాలాసార్లు ప్రశ్నార్థకమే.

"అయితే ఫోన్‌లో కనిపించే బొమ్మనే స్క్రీన్‌షాట్ తీసి పెడదాం" అన్నారాయన. ఆ బొమ్మ గీసినవాళ్లకు కాపీరైట్ ఉంటుంది. యాపిల్ బొమ్మను బోర్డుకెక్కిస్తే అది వాళ్ల సొత్తు వాడుకున్నట్టే. గూగుల్ నోటో బొమ్మలు వాడుకోనిస్తారు, కానీ అవి అందరికీ దొరికేవే.

అందరికీ దొరికేదాన్ని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ మనకొక్కరికే ఇవ్వదు. ఉత్త పదాన్ని నమోదు చేసే దరఖాస్తులో ఎమోజీ ఇమడదు, బొమ్మ మార్కుగానే పెట్టాలి. పెట్టినా, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ అడ్డొస్తుంది: సరుకు ఏ రకమో చెప్పే గుర్తు ఒక్కరి సొంతం కాదు. బిస్కెట్లు అమ్మేవాడికి బిస్కెట్ బొమ్మ సరిగ్గా అలాంటిదే. పేరుతో కలిపి మొత్తం లేబుల్‌కు రిజిస్ట్రేషన్ దొరకవచ్చు. కానీ 17వ సెక్షన్ ప్రకారం హక్కు ఆ మొత్తానికే, అందులోని మామూలు ముక్కకు విడిగా కాదు. రేపు చిక్కడపల్లిలో ఇంకో బేకరీ 🍪 పెట్టుకుంటే ఈయన ఆపలేరు.

చివరికి రెండు దరఖాస్తులకు ఒప్పుకున్నారు. ఒకటి పేరు మాత్రమే, ఏ బొమ్మా లేకుండా. రెండోది నేను గీసిన లోగో: అంచు కొరికిన గుండ్రటి బిస్కెట్, ఆ కొరికిన చోటు షాపు పేరులోని మొదటి అక్షరం ఆకారంలో. ప్రత్యేకత అంతా అక్కడే ఉంది కాబట్టి గుర్తుపట్టేదీ, నిలబడేదీ అదే. నలుపు తెలుపులోనే ఇచ్చాం, ఏ రంగుకూ పరిమితం కాకుండా. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఒక్కో దరఖాస్తుకు, ఒక తరగతికి రుసుం 4,500 రూపాయలు. బిస్కెట్లు 30వ తరగతి.

వాట్సాప్ స్టేటస్‌లో ఆయన ఇప్పటికీ 🍪 పెడుతున్నారు. పెట్టనివ్వండి. అక్కడ అది కబురు, బోర్డు మీద మాత్రం అది ఆస్తి కావాలి.