ఒక్క పేరాలో ‘యజ్ఞం’: కథాసంగ్రహంలో మలుపు నిలిచేదెట్లా?

వ్యాససంగ్రహం

పెద్దకథను ఒక పేరాకు కుదించేటప్పుడు సాధారణంగా ముగింపు మిగిలి, మలుపు జారిపోతుంది. ముగింపు, మలుపు ఒకటే అన్న అపోహ ఇందుకు కారణం. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథను ఉదాహరణగా తీసుకొని, మలుపును గుర్తించే విధానాన్నీ, సంగ్రహంలో దానిని నిలిపే పద్ధతినీ, ఆ పద్ధతికున్న పరిమితులనూ చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కథాసంగ్రహం, మలుపు, ముగింపు, కాళీపట్నం రామారావు, యజ్ఞం

1. ఉపోద్ఘాతం

కథాసాహిత్యంపై వచ్చే సిద్ధాంతగ్రంథాలలో ముందుగా కథాసంగ్రహం ఇచ్చి, ఆపై విశ్లేషణకు పూనుకోవడం స్థిరపడిన పద్ధతి. సంగ్రహాన్ని చాలామంది విశ్లేషణకు ముందుండే లాంఛనంగా భావిస్తారు. అయితే మూలకథ చేతిలో లేని పాఠకుడికి ఆ పేరాయే కథ. అందులో లేనిదాన్ని తరువాతి విశ్లేషణ ఎంత నిరూపించినా అతనికి అది వ్యాసకర్త అభిప్రాయంగానే కనిపిస్తుంది. అందువల్ల సంగ్రహంలో జరిగిన లోపం విశ్లేషణ అంతటికీ పాకుతుంది.

1960ల మధ్యకాలం నాటి ‘యజ్ఞం’ ఈ సమస్యను పరిశీలించడానికి తగిన కథ. ఇది నిడివిగల కథ. అందులో ఎక్కువ భాగం పంచాయతీలో సాగే మాటలే. చివర జరిగే సంఘటన మాత్రం అతి క్లుప్తమైనది, దిగ్భ్రాంతి కలిగించేది. కథ చదివినవారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఆ సంఘటనే. సంగ్రహకర్త పొరపాటు కూడా అక్కడే మొదలవుతుంది.

2. తరచు కనిపించే సంగ్రహం

ఈ కథకు రాసే సంగ్రహాలు స్థూలంగా ఈ తీరులో ఉంటాయి:

“సుందరపాలెంలో అప్పల్రాముడనే పేదరైతు షావుకారు గోపన్న వద్ద అప్పు చేస్తాడు. అప్పు తీర్చలేకపోవడంతో గోపన్న పంచాయతీ పెట్టిస్తాడు. ఊరిపెద్ద శ్రీరాములునాయుడు, గోపన్న కలిసి అప్పల్రాముడి భూమిని లాక్కోవడానికి ప్రయత్నిస్తారు. చివరకు అతని కొడుకు సీతారాముడు ఆవేశంతో తన కన్నబిడ్డను చంపి, దోపిడీ వ్యవస్థపై తిరుగుబాటు ప్రకటిస్తాడు.”

ఇందులో పాత్రల పేర్లు సరిగానే ఉన్నాయి. సంఘటనల వరుస కూడా ఇంచుమించు సరిగానే ఉంది. అయినా ఇది ‘యజ్ఞం’ కాదు. మూడో వాక్యంలో ఊరిపెద్ద, షావుకారు కుట్రదారులయ్యారు. కథలో శ్రీరాములునాయుడు న్యాయం తప్పనివాడని ఊరు నమ్మిన మనిషి. గోపన్న కోరుతున్న బాకీ కల్పితం కాదు. పంచాయతీ తన నియమాల ప్రకారం ధర్మంగానే నడుస్తుంది. ధర్మంగా నడిచిన తీర్పే ఒక పసిబిడ్డ మరణానికి దారితీయడంలో ఈ కథ భయంకరత్వం ఉంది. కుట్ర వల్ల బిడ్డ చనిపోతే అది వేరే కథ. అటువంటి కథలు తెలుగులో కొరత లేదు.

నాలుగో వాక్యంలోని ‘ఆవేశంతో’ అనే మాట మరింత నష్టం చేస్తుంది. సీతారాముడి చర్య వెనుక ఉన్న ఆలోచనను అది ఒక్క పదంతో తుడిచివేస్తుంది. ‘చివరకు’ అనే పదం కాలక్రమాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. మూడో వాక్యానికీ నాలుగో వాక్యానికీ మధ్య ఏదో జారిపోయిందని ఈ పదమే మనకు సూచిస్తున్నది.

3. మలుపును గుర్తించడం

మలుపు అంటే కథలోని అతి తీవ్రమైన సంఘటన కాదు. ఏ క్షణానికి ముందు కథ ఒక ప్రశ్నను అడుగుతూ, ఆ క్షణం తరువాత మరో ప్రశ్నను అడగక తప్పని స్థితికి చేరుతుందో ఆ క్షణం మలుపు. రూపకంలో విమర్శ సంధికీ నిర్వహణ సంధికీ మన లాక్షణికులు చూపిన భేదం ఇక్కడ స్మరించదగినది. ఫలం చేతికందే చోటు వేరు, దాని గతి అడ్డం తిరిగే చోటు వేరు. సంగ్రహకర్తలు తరచు నిర్వహణాన్ని పట్టుకొని విమర్శను వదిలేస్తారు.

‘యజ్ఞం’లో మలుపు కాదగిన ఘట్టాలు మూడు ఉన్నాయి. ఒకటి, పంచాయతీలో అప్పల్రాముడు తన గోడు చెప్పుకోవడం. రెండు, భూమి అమ్మి అప్పు తీర్చడానికి అతడు ఒప్పుకోవడం. మూడు, సీతారాముడు బిడ్డను చంపడం. ఒక్కొక్క ఘట్టాన్ని తొలగించి చూస్తే ముగింపు ఎలా మారుతుందో పరిశీలించవచ్చు.

మొదటిదాన్ని తొలగిస్తే ముగింపు జరుగుతుంది గాని, దాని నేపథ్యం పోతుంది. ఊరికి రోడ్డు, బడి వచ్చి సుందరపాలెం అభివృద్ధి చెందిన కాలంలోనే కష్టపడి పనిచేసిన కుటుంబం ఎందుకు దిగజారింది అన్న ప్రశ్న వినిపించదు. మూడోదాన్ని తొలగిస్తే ముగింపే ఉండదు; అయినా కథ అడిగిన ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది. కాబట్టి అది ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రమే. రెండోదాన్ని తొలగించినప్పుడు జరిగేది వేరు. అప్పుడు సీతారాముడి చర్య షావుకారుపై కసిగా, ఊరిపెద్దపై కోపంగా మారిపోతుంది. కసి తీర్చుకోవడానికి ఎవరైనా శత్రువును చంపుతారు గాని కన్నబిడ్డను చంపరు. అంటే ఈ ఘట్టం లేకపోతే ముగింపులో ఎవరు చనిపోయారన్నదానికే అర్థం ఉండదు.

తండ్రి ఒప్పుకోవడంతో కథ ప్రశ్న మారుతుంది. అంతవరకు ప్రశ్న: ఈ బాకీ తీర్చవలసిందేనా? అప్పల్రాముడు తలవంచిన క్షణం నుంచి ప్రశ్న: దీన్ని తీర్చేది ఎవరు? అప్పు చేసింది తండ్రి. భూమి పోతే దాని ఫలితం అనుభవించేది కొడుకు, ఆ కొడుకు బిడ్డ. భూమి లేని ఇంట పుట్టినవాడికి మరొకరి కింద పాలేరుగా బతకడమే మిగులుతుంది. అప్పు మనుమడి మీదికి మారుతున్న ఈ క్షణమే ‘యజ్ఞం’ మలుపు అని నా అభిప్రాయం. కథ పేరు కూడా దీన్నే బలపరుస్తుంది. యజ్ఞం శాస్త్రోక్తంగా సాగింది. బలి ఎవరన్నది మాత్రం చివరి వరకు ఎవరూ అడగలేదు.

4. మలుపు నిలిచిన సంగ్రహం

ఈ నిర్ణయం తరువాతే పేరా రాయాలి. మలుపు వాక్యాన్ని ముందు రాసుకొని, దానికి చేరడానికి కనీసం ఏమేమి తెలియాలో అవి ముందు, దాని నుంచి వచ్చే పర్యవసానం తరువాత చేర్చాలి. ఆ విధంగా రాసిన పేరా ఇది:

“శ్రీరాములునాయుడి పెద్దరికంలో అభివృద్ధి సాధించిన గ్రామం సుందరపాలెం. షావుకారు గోపన్నకు పడ్డ బాకీ విషయమై దళితుడైన చిన్నరైతు అప్పల్రాముడు ఆ ఊరి పంచాయతీ ముందు నిలబడతాడు. అతడు బాకీని కాదనడు. ఊరు బాగుపడుతూ ఉండగా ఒళ్లు వంచి పనిచేసిన తన కుటుంబం ఎందుకు చితికిపోయిందో చెప్పుకుంటాడు. ఆ గోడుకు పంచాయతీ వద్ద జవాబు లేదు. బాకీ న్యాయమా కాదా అన్నదే అది తేల్చగలదు. ఆ న్యాయానికి తలవంచి, ఉన్న భూమి అమ్మి అప్పు తీర్చడానికి అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. దానితో తండ్రి అప్పు తీరుతుంది గాని, అతని సంతతికి పాలేరుతనం మిగులుతుంది. అందువల్లనే కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిసగా బతకరాదని ఆ పసివాణ్ణి తానే చంపి, శవాన్ని పంచాయతీ ముందుకు తెస్తాడు.”

తొమ్మిది వాక్యాల ఈ పేరాలో ఆరు వాక్యాలు మలుపుకు ముందున్నవి. ఏడో వాక్యం మలుపు. ఎనిమిదో వాక్యం ఆ మలుపు అర్థం. ముగింపుకు దక్కింది ఒక్క వాక్యమే. కథలో పంచాయతీ విస్తారంగానూ ముగింపు క్లుప్తంగానూ ఉన్నాయి గనుక ఈ నిష్పత్తి మూలానికి దగ్గరగా ఉంది. ‘కుట్ర’, ‘ఆవేశం’, ‘తిరుగుబాటు’ అనే మాటలు ఇందులో లేవు. అవి కథలోని విషయాలు కావు, కథపై తీర్పులు. ‘చివరకు’ స్థానంలో ‘అందువల్లనే’ వచ్చింది. రెండు వాక్యాల మధ్య ఈ మాట పొసగకపోతే మలుపు ఎక్కడో జారిపోయిందని గ్రహించవచ్చు. మొదటి సంగ్రహంలో ‘చివరకు’ తీసి ‘అందువల్లనే’ పెట్టి చదివితే ఆ వాక్యం నిలవదు.

5. పరిమితులు

ఈ పేరాలో ఎనిమిదో వాక్యం కథలో ఇదే రూపంలో ఉన్నది కాదు. సంఘటనల నుంచి నేను తీసిన అర్థం. సంగ్రహంలో వ్యాఖ్యానం ఉండరాదన్న నియమాన్ని ఇది కొంత అతిక్రమిస్తున్నది. అయితే మలుపు ఎక్కడుందో నిర్ణయించడమే వ్యాఖ్యానం గనుక, దాన్ని దాచడం కంటే ఒక వాక్యానికి పరిమితం చేసి కనబడేలా ఉంచడం మేలు. మలుపు అప్పల్రాముడి గోడులోనే ఉందని భావించే పరిశోధకుడు నాలుగో వాక్యాన్ని విస్తరించి ఎనిమిదోదాన్ని తగ్గించవచ్చు. కాని అప్పల్రాముడి ఒప్పుకోలును మాత్రం అతడు కూడా వదలలేడు.

పేరాలో ఎంతకూ ఇమడనివి కొన్ని ఉన్నాయి. ఉత్తరాంధ్ర మాండలికంలో సాగే సంభాషణల బిగువు, ఎవరి పక్షమూ వహించనట్లు కనిపించే కథకుడి స్వరం సంగ్రహానికి అందవు. వీటిని సంగ్రహంలో సూచించే ప్రయత్నం చేయక, విశ్లేషణలో ఉదాహరణలతో చూపడమే సరైనది.

6. ముగింపు

‘యజ్ఞం’ ముగింపుపై తెలుగులో తీవ్రమైన చర్చ జరిగింది. రంగనాయకమ్మ మొదలైనవారు అందులో పాల్గొన్నారు. సీతారాముడిది తిరుగుబాటా, నిస్పృహా అన్న ప్రశ్న నేటికీ తరగతి గదుల్లో వినిపిస్తూనే ఉంది. మొదటి సంగ్రహంతో ఆ చర్చలోకి వచ్చిన విద్యార్థికి తిరుగుబాటు అన్న జవాబు ముందే అంది ఉంటుంది. రెండో సంగ్రహంతో వచ్చినవాడికి జవాబు అందదు గాని, ప్రశ్న సరిగా అందుతుంది: తండ్రి న్యాయానికి తలవంచినప్పుడు కొడుకు చేయగలిగింది ఇంకేముంది? చర్చ అక్కడి నుంచి మొదలు కావాలి.