పేము కుర్చీ అల్లికలో నీటి పాత్ర

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని పాత పెంకుటిళ్ల వసారాల్లో నేటికీ కనిపించే పేము కుర్చీల్లో కూర్చునే భాగం కుంగినంత మాత్రాన అల్లిక అంతా చెడినట్టు కాదు. కుంగడానికి, తెగడానికి కారణాలు వేరు కనుక, కుర్చీని తలకిందులు చేసి అడుగు భాగాన్ని పరిశీలించాకే ఏం చేయాలో నిర్ణయించాలి. పేము తీగను నిలువుగా చీల్చి తీసిన పైపొరను ఇక్కడ పట్టీ అందాం. దాని నిగనిగలాడే ముఖం నీటిని దాదాపు పీల్చదు, గరుకైన వెనుక ముఖం మాత్రం పీలుస్తుంది. పట్టీలు ఎక్కడా తెగకుండా అల్లిక వదులైతే, వేడినీటిలో ముంచిన గుడ్డతో అడుగువైపు బాగా తడిపి, ఎవరినీ కూర్చోనివ్వకుండా నీడలో పూర్తిగా ఆరనిస్తే, ఆరేటప్పుడు పట్టీ ముడుచుకుని అల్లిక మళ్లీ బిగుస్తుంది. అలా ఆరాక కూడా బిగువు రాకపోతేనో, రంధ్రాల అంచుల దగ్గర పట్టీలు విరిగి ఉంటేనో, అల్లిక ఆయుష్షు తీరినట్టే.

అలాంటి చోట తెగిన రెండు మూడు పట్టీలనే మార్చడం ఎక్కువకాలం నిలవదు. కొత్త పట్టీ వంగి సాగుతుంది, పెళుసుబారిన పాతది సాగలేదు. దాంతో బరువంతా పాతదాని మీద పడి పక్కనే మరొకటి తెగుతుంది. అందువల్ల మొత్తం అల్లికను ఒకే ముక్కగా కోసి తీసి, కొత్తది పూర్తయ్యేవరకు నమూనాగా దాచుకోవడం మేలు.

పట్టీ వెడల్పును కుర్చీయే నిర్ణయిస్తుంది. చట్రం చుట్టూ ఉన్న రంధ్రాల మధ్య దూరాన్ని ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి కొలవాలి. ఆ దూరం 16 మిల్లీమీటర్లయితే 2.5 మిల్లీమీటర్ల పట్టీ, 19 అయితే 3 మిల్లీమీటర్ల పట్టీ సరిపోతుంది. అంతకన్నా వెడల్పైనది ఎంచుకుంటే చివరి వరుసలకు రంధ్రాల్లో చోటు మిగలదు. రంధ్రాలు లేకుండా చుట్టూ గాడి మాత్రమే ఉన్న కుర్చీకి ఈ పద్ధతి పనికిరాదు, దానికి ముందే నేసిన షీటును గాడిలో దించి బిగించాలి. వెదురు బద్ద రంధ్రం అంచు మీద పదునుగా వంగినచోట చిట్లుతుంది కనుక తట్టలకే తగినది. ప్లాస్టిక్ పట్టీ చవకగా దొరికినా ఆరి ముడుచుకునే గుణం దానికి లేదు కాబట్టి, చేతితో లాగిన బిగువే తప్ప తరువాత చేరే బిగువు ఉండదు. రంధ్రాలున్న పాత కుర్చీకి దాన్ని ఎంచుకోవడం తప్పు ఎంపికే. అసలు పేమును కణుపు గుర్తులతోనూ, గరుకైన వెనుక ముఖంతోనూ పోల్చుకోవచ్చు.

పట్టీని గోరువెచ్చని నీటిలో పదిహేను, ఇరవై నిమిషాలు నానబెడితే చాలు. గంటల తరబడి ఉంచితే రంగు మారి పీచులు లేస్తాయి. నిగనిగలాడే ముఖం ఎప్పుడూ పైకే ఉండాలి.

వెనుక పట్టె మీద మూలలు వదిలి 19, ముందు పట్టె మీద 23 రంధ్రాలున్న కుర్చీని ఉదాహరణగా తీసుకుంటే, తొలి నిలువు పట్టీ వెనుక పదో రంధ్రం నుంచి ముందు పన్నెండో రంధ్రానికి, అంటే నడిమి నుంచి నడిమికి సాగుతుంది. పట్టీ జారకుండా రంధ్రంలో వెదురు పుల్ల దిగ్గొట్టి, అక్కడి నుంచి రెండు వైపులా నింపుకుంటూ పోతే, ముందు పట్టె మీద ఇరుపక్కలా రెండేసి రంధ్రాలు మిగులుతాయి. వాటి నుంచి బయలుదేరే పొట్టి పట్టీలను వెనుక పట్టెకు లాగకుండా, మిగతావాటికి సమాంతరంగా ఉండేలా పక్క పట్టెలోని ఏ రంధ్రం కుదిరితే దానిలో దించాలి. ఇక్కడ సమాంతరం చెడితే తరువాత వచ్చే ఐమూల గళ్లన్నీ వంకరపోతాయి.

ఈ నిలువు వరుస మీద అడ్డ వరుస ఊరికే పరుచుకుంటుంది, దాని మీద మళ్లీ అవే రంధ్రాల్లో రెండో నిలువు వరుస మొదటిదానికి కుడి పక్కగా పడుతుంది. అసలు అల్లిక నాలుగో వరుసతో మొదలవుతుంది: ఈ రెండో అడ్డ పట్టీ ప్రతి నిలువు జంటలోనూ కుడిదాని మీదుగా, ఎడమదాని కిందుగా సాగి జంటలను బంధిస్తుంది. మొదటి మూడు వరుసలను గట్టిగా లాగాలన్న ఆత్రం చాలామందికి ఉంటుంది, కానీ అలా లాగితే నాలుగోది, ఆపైన ఐమూల పట్టీలు దూరే సందు ఉండదు. మూడు వరుసలూ కాస్త వదులుగా ఉన్నా, మిగతావి చేరేకొద్దీ అల్లిక తానే బిగుస్తుంది.

ఐమూలగా వెళ్లే రెండు వరుసల్లో ఒకటి నిలువు జంటల మీదుగా, అడ్డ జంటల కిందుగా పోతే, రెండోది దానికి ఎదురుగా పోతుంది. సరైన దారిలో పడిన పట్టీ జంటల మధ్య మూలలోకి ఒరిపిడి లేకుండా జారిపోతుంది, తప్పుదారి పట్టినది కూడలి దగ్గర తట్టుకుని అంచులు చిట్లుతుంది కనుక, రెండు మూడు గళ్లలోనే పొరపాటు తెలిసిపోతుంది. పట్టీ కొసలను అడుగున పక్క రంధ్రాల మధ్య కనిపించే పట్టీ చుట్టూ రెండుసార్లు తిప్పి బిగించి, చివరగా రంధ్రాల మీదుగా కాస్త వెడల్పైన పట్టీని పరిచి, సన్నని పట్టీతో అక్కడక్కడ కుట్టినట్టు కడితే అంచు పూర్తవుతుంది.

జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు, ఆ చివర్న 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపానులు చూసే ఈ ఉత్తర కోస్తాలో, తడి గాలికి పేము ఆరడానికి చాలా సమయం పడుతుంది, ఆరని అల్లికకు బూజు పడుతుంది. అందుచేత ఈ పనికి డిసెంబరు, జనవరి అనువైన నెలలు. వేసవిలో అల్లిక పెళుసెక్కకుండా అడుగువైపు అప్పుడప్పుడూ తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వాలి.