లత సందేహం: ‘ఎ సూటబుల్ బాయ్’ నవలలో పెళ్ళి ఒత్తిడి

విక్రమ్ సేఠ్ ఆంగ్లంలో రాసిన ‘ఎ సూటబుల్ బాయ్’ 1993లో వెలువడింది. కథాకాలం 1951-52. అక్క సవిత పెళ్ళి సందడిలోనే తల్లి రూపా మెహ్రా చిన్న కూతురు లతతో, నీకూ నేను చూసిన అబ్బాయితోనే పెళ్ళి అని చెప్పేస్తుంది. లతకు 19 ఏళ్ళు. తోటి విద్యార్థి కబీర్‌ను ప్రేమిస్తుంది. అతను ముస్లిం. తల్లి ఎంచిన వరుడు హరేష్, చెప్పుల తయారీ రంగంలో పనిచేసేవాడు. చివరికి లత హరేష్‌నే చేసుకుంటుంది. ఆమె లొంగిపోయిందా, ఎంచుకుందా? పాఠకులు ఇప్పటికీ వాదించుకునేది దీని గురించే.

ఈ తల్లి కూతుర్ని గదిలో పెట్టి తాళం వేయదు. ఏడుస్తుంది, చనిపోయిన భర్తను తలుచుకుంటుంది, కబీర్ సంగతి తెలియగానే కూతుర్ని వెంటబెట్టుకుని కలకత్తా బయలుదేరుతుంది. ఆమెను చూస్తే మనకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అందుకే లతకు ఎదురు తిరగడం కష్టమైంది. కసాయి తల్లినైతే కాదనడం తేలిక.

నవలలో కనిపించని ఒత్తిడి మరొకటి ఉంది. ఆనాటికి అమలులో ఉన్నది 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని కింద హిందువు, ముస్లిం పెళ్ళాడాలంటే ఇద్దరూ తమ మతాన్ని అనుసరించడం లేదని ప్రకటించాలి. 21 ఏళ్ళు నిండని వారికి తండ్రి లేదా సంరక్షకుల అంగీకారమూ కావాలి. ఆ ప్రకటన అవసరాన్ని తీసేసిన కొత్త చట్టం 1954లో గానీ రాలేదు. లేచిపోదామని లత అడిగినప్పుడు కబీర్ వెనుకాడటాన్ని పిరికితనమని కొట్టిపారేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లత మనసు తెలియాలంటే చివర్లో స్నేహితురాలు మాలతితో ఆమె సంభాషణ చదవండి. మాలతి ఈ పెళ్ళిని ఒప్పుకోదు. లత తల్లి పేరు చెప్పి తప్పించుకోదు. కబీర్ మీది మోహం తనను అసూయతో కుతకుతలాడే మనిషిని చేసిందనీ, ఆ మనిషంటే తనకే భయమనీ ఆమె వాదన సారాంశం. ఈ మాట నిజమే అనిపిస్తుంది. అయితే తల్లికి నచ్చే నిర్ణయానికి సరిగ్గా సరిపోయే కారణం కూడా ఇదే. ఈ రెండింటిలో ఏది ముందు పుట్టిందో లతకే తెలియదు. సేఠ్ కూడా తేల్చడు.

అయినా త్రాసు కొంచెం హరేష్ వైపు మొగ్గిందని నాకనిపిస్తుంది. రచయిత తండ్రి ప్రేమ్ సేఠ్ బాటా కంపెనీలో పనిచేశారు. నవలలో హరేష్ చేరిన ‘ప్రాహా’ కూడా చెక్ దేశస్థుల చెప్పుల కంపెనీయే. తోళ్ళ శుద్ధి, అచ్చులు, కుట్టుపని వర్ణించేటప్పుడు రచయిత గొంతులో వచ్చే ఆత్మీయత కబీర్ క్రికెట్ దగ్గర రాదు. లత కాన్పూరు తోళ్ళ కార్ఖానాలో వాసన భరించలేకపోయిన ఘట్టాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవండి. అక్కడ ముక్కు మూసుకున్నది లత ఒక్కతే, కథకుడు కాదు.