నాలుగు ముఖాలూ, ఒక ఖాళీ అట్టా

పెళ్లి శుభలేఖల అట్ట గట్టిగా ఉంటుంది, ఒక పక్క తెల్లగా ఉంటుంది. కోనసీమలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చెప్పే టీచరు గారు ఆ అట్టల వెనక వైపు నల్ల స్కెచ్ పెన్నుతో ముఖాలు గీశారు. రెండు మేకుల మధ్య కట్టిన నైలాను తాడుకి అవి వేలాడుతుంటాయి. పక్కనే ఒక డబ్బాలో బట్టల క్లిప్పులు. పిల్లలకు చదవడం ఇంకా రాదు కనుక ప్రతి క్లిప్పు మీదా పేరుతో పాటు ఒక చిన్న బొమ్మ ఉంటుంది. ఒకరిది చేప, ఒకరిది గొడుగు, ఒకరిది మామిడికాయ. ప్రార్థన అయ్యాక లోపలికి వస్తూ ఎవరి క్లిప్పు వాళ్లు తీసుకుని, ఆ పూట తమకు ఎలా ఉందో చెప్పే ముఖానికి తగిలించి వెళ్లి కూర్చుంటారు. తరవాత అందరూ కలిసి కాసేపు నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతారు. ఆ తరవాతే హాజరు. అంతా కలిపి అయిదు నిమిషాలు పట్టదు. చూడ్డానికి ఇంతేనా అనిపించే ఈ పనిలో ఎంత ఆలోచన దాగి ఉందో దగ్గరికి వెళితే తెలుస్తుంది.

ముందు ముఖాల లెక్క. బజారులో దొరికే కార్డుల కట్టల్లో చాలావాటికి మూలం అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ చెప్పిన ఆరు భావాలు: సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం. ఈవిడ చివరి రెండూ తీసేశారు. అసహ్యంతో ముడుచుకున్న ముఖాన్ని చూపిస్తే ఈ వయసు పిల్లల్లో ఎక్కువ మంది దాన్ని కోపమనే అంటారు. షెర్రీ వైడెన్, జేమ్స్ రస్సెల్ అనే పరిశోధకులు దీన్ని పదే పదే పరీక్షించి చూపారు. ఆశ్చర్యానికీ భయానికీ కళ్లు ఒకేలా పెద్దవవుతాయి కనుక అక్కడా తికమకే. పిల్లవాడు తప్పు కార్డుకి క్లిప్పు పెడితే చూసే టీచరూ తప్పుగా అర్థం చేసుకుంటుంది. అందుకని నాలుగే ముఖాలు.

ఆ నాలుగూ గీసిన తీరు ఇంకా బాగుంది. ఒక్క ముఖానికీ జుట్టు లేదు. మొదట గీసినప్పుడు ఏడుపు ముఖానికి రెండు జడలు పెట్టారట. ఆ కార్డుకి అబ్బాయిలెవరూ క్లిప్పు పెట్టలేదు. జడలు తీసేసి మళ్లీ గీశాక పెట్టడం మొదలైంది. రంగులూ వేయలేదు. ఆకుపచ్చ అంటే ఒప్పు, ఎరుపు అంటే తప్పు అని బళ్లో అడుగుపెట్టిన కొన్నాళ్లకే నేర్చేసుకుంటారు. కోపానికి ఎరుపు పులిమితే అది తప్పు చేసినవాడి కార్డైపోతుంది. ముఖాల మధ్య తేడా అంతా కనుబొమలూ నోరూ చెబుతాయి: కోపానికి కనుబొమలు లోపలికి దిగుతాయి, భయానికి పైకి లేస్తాయి.

అయిదో అట్ట మీద ముఖం కాదు, నిలబడిన మనిషి బొమ్మ ఉంది. అది ఎలా చేరిందో ఆవిడ చెప్పారు. ఒక అమ్మాయి వరసగా ఏడుపు ముఖానికే క్లిప్పు పెట్టేది. ఇంట్లో ఏదైనా గొడవేమో అనుకుని, పిల్లలంతా ఆటలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని అడిగారు.

“ఎక్కడమ్మా ఏడుపొస్తోంది?”

“ఇక్కడ టీచర్” అని ఆ పిల్ల చెవి చూపించింది.

చెవిపోటు! ఆరేళ్ల పిల్లకి ఒంటి నొప్పీ మనసు బాధా విడివిడిగా చెప్పడం రాదు, రెండింటికీ ఏడుపే వస్తుంది. ఎందుకు అని అడిగి ఉంటే ఏదో ఒకటి కల్పించి చెప్పేది. ఎక్కడ అని అడగడమే ఆ పూట పని చేసింది. ఆ మర్నాడే ఒంట్లో బాగాలేదని చెప్పే బొమ్మ తాడెక్కింది. ఇక ఆరో అట్ట ఖాళీ. చెప్పాలని లేనివాళ్లు దానికి పెట్టుకోవచ్చు. నన్నడిగితే ఆరింటిలోకీ గొప్పది అదే. చెప్పకుండా ఉండే దారి లేకపోతే పిల్లలు నవ్వు ముఖం వెనక దాక్కుంటారు.

అలా దాక్కున్నారని ఎలా తెలుస్తుంది? క్లిప్పులన్నీ నవ్వు ముఖం కింద గుంపు కట్టేస్తాయి. నవ్వు ముఖానికి పెట్టిన పిల్లని టీచరు ఒక్కసారి “వెరీ గుడ్” అంటే చాలు, వారం తిరక్కుండానే అందరూ వెరీ గుడ్ అయిపోతారు. అందుకే ఈవిడ ఏ కార్డుకి పెట్టినా అనే మాట ఒకటే: “ఆహా, చూశాను నాన్నా.” తాడు కూడా నల్లబల్ల దగ్గర కాక గుమ్మం పక్క గోడకి, పిల్లల ఛాతీ ఎత్తులో ఉంటుంది. కూర్చున్నవాళ్లకి అది వెనకవైపు పడుతుంది కనుక ఎవరు ఎక్కడ పెట్టారో చూసే జనం ఉండరు. అందరికంటే ముందు ఆవిడ తన క్లిప్పు పెడతారు. అదీ ఎప్పుడూ నవ్వు ముఖానికే కాదు. “రాత్రి నిద్ర సరిగ్గా లేదర్రా, నాకు కాస్త కోపంగా ఉంది, మీ మీద కాదు” అని ఒక పొద్దున నేనున్నప్పుడే అన్నారు.

ఊపిరి సంగతిలో ఆవిడ నేర్పు మరీ కనబడుతుంది. పెద్దల తరగతుల్లో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చు, నాలుగు ఆపు, నాలుగు వదులు అంటారు. అలా అయితే నిమిషానికి అయిదు ఊపిరులు. కదలకుండా కూర్చున్న ఆరేళ్ల పిల్ల మామూలుగానే నిమిషానికి ఇరవై దాకా తీస్తుంది. ఒక్కసారిగా అయిదుకి దించితే ఊపిరాడక మధ్యలో గబుక్కున పీల్చేస్తుంది. ఇక్కడ ముక్కుతో పీల్చడం రెండు లెక్కలు, నోటితో వదలడం నాలుగు. ఆపడం అసలు లేదు. అలా అయిదుసార్లు, అర నిమిషం. వదిలేటప్పుడు గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది కనుక వదలడమే పొడుగ్గా ఉండాలి. ఈ కొద్దిసేపు చాలుతుందా అనే అనుమానం నాకూ ఉండేది. స్టాన్‌ఫర్డ్‌లో యెలెనా ఒబ్రదోవిచ్ బృందం ఏడేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలకి ఒక నిమిషం వీడియో చూపించి కొన్ని నిదానమైన ఊపిరులు తీయిస్తే గుండె వేగం తగ్గినట్టు 2021లో ప్రచురించింది.

లెక్క ఆవిడ పైకి చెప్పరు, వేళ్లు మడిచి చూపిస్తారు. పైకి చెబితే పిల్లలూ వంత పాడతారు, పాడేవాళ్లు ఊపిరి పీల్చలేరు కదా! “గట్టిగా పీల్చండి” అనే మాటా వాడరు, అది వింటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచుకోమంటారు. రెండో అరచేతిలో వేడి రాగిజావ గ్లాసు ఉన్నట్టు ఊహించుకుని, వాసన చూసి, తొణక్కుండా ఊదమంటారు. ఇతర దేశాల్లో పువ్వు వాసన చూసి కొవ్వొత్తి ఆర్పమంటారు. ఆర్పమంటే పిల్లలు బలంగా ఉఫ్‌మంటారు, నాలుగైదుసార్లకి తల తిరుగుతుంది. పైగా మన ఇళ్లల్లో దీపం ఊదనివ్వరు. బళ్లో పోసే జావ అందరికీ తెలుసు, దాన్ని గట్టిగా ఊదితే చొక్కా మీద పడుతుందని కూడా తెలుసు. కళ్లు మూసుకోవడం ఎవరిష్టం వాళ్లది. జలుబు చేసినవాళ్లు నోటితోనే పీల్చుకోవచ్చు.

ఊపిరి అయ్యాక “ఇప్పుడు బాగుందా?” అని ఆవిడ అడగరు. అడిగితే టీచరు కోసం అందరూ బాగుందనే అంటారు. క్లిప్పు మార్చుకోవాలనుకున్నవాళ్లు నీళ్లు తాగడానికి వెళుతూ మార్చుకుంటారు. కొట్టుకున్న పిల్లాణ్ణి “పో, పోయి ఊపిరి తీసుకో” అని మూలకు పంపడం కూడా ఈ గదిలో లేదు. అలా పంపితే రెండోరోజుకే అది శిక్షగా మారుతుందని ఆవిడ భయం.

ఇది వైద్యం కాదు, ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఒకే పిల్ల రోజుల తరబడి భయం దగ్గరే ఆగిపోతే ఇంటివాళ్లని పిలిచి మాట్లాడతారు. ఇంట్లోనే ప్రమాదం ఉందనిపిస్తే ఫోను చేయడానికి పిల్లల సహాయ నంబరు 1098 బీరువా తలుపు లోపలి వైపు రాసిపెట్టుకున్నారు. ఈ పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకి ఆవిడ తరఫున ఒక్క మాట: మొదటి వారం తాడు మీద మీ క్లిప్పు ఒక్కటే పెట్టండి, పిల్లల్ని చూడనివ్వండి. వాళ్ల క్లిప్పుల డబ్బా రెండోవారం తెరవండి.