చేప ముక్కల పొట్లం గడ్డకట్టడానికి ఎంతసేపు?

గోదావరిఖనిలో చాలా సింగరేణి ఇళ్లలో వంట షిఫ్టును బట్టి నడుస్తుంది. ఆదివారం ఎల్లంపల్లి చేప దొరికితే ముక్కలు కొట్టించి, కిలో చొప్పున కవర్లలో కట్టి, ఫ్రీజర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చేస్తారు. ఆ కవరు మధ్యభాగం ఎప్పటికి గడ్డకడుతుందన్నది లెక్క వేసి చెప్పవచ్చు. దానికి దారి చూపినవాడు రుడాల్ఫ్ ప్లాంక్. 1913లో ఆయన ఇచ్చిన సూత్రాన్ని శీతలీకరణ ఇంజనీర్లు నేటికీ మొదటి అంచనాకు వాడుతున్నారు.

ప్లాంక్ ఆలోచన ఇది. బల్లపరుపు పొట్లాన్ని రెండు వైపులా చల్లబరిస్తే మంచు పొర పైనుంచీ కిందినుంచీ లోపలికి పెరుగుతూ వస్తుంది. నీరు మంచుగా మారే చోట వేడి విడుదలవుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే రెండు అడ్డంకులు దాటాలి. మొదటిది అప్పటికే ఏర్పడిన మంచు పొర. రెండోది పొట్లం ఉపరితలానికీ బయటి చలికీ మధ్య ఉన్న అడ్డు. పొర మందమైన కొద్దీ మొదటి అడ్డంకి పెరుగుతుంది, రెండోది మారదు. రెండు పొరలూ నడిమధ్య కలిసేదాకా పట్టే సమయాన్ని కూడితే వచ్చేది:

t = (ρL / (Tf − Ta)) × (a/2h + a²/8k)

ఇందులో a పొట్లం మందం. ρL అంటే ఒక ఘనపు మీటరు చేప గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి. Tf చేప గడ్డకట్టే ఉష్ణోగ్రత, Ta బయటి చలి. h ఉపరితలం నుంచి వేడి బయటికి పోయే సులువు, k గడ్డకట్టిన చేప గుండా వేడి పోయే సులువు.

చేపలో నూటికి 78 పాళ్లు నీరే అనుకుందాం. నీరు గడ్డకట్టేటప్పుడు కిలోకు 334 కిలోజౌళ్లు వదులుతుంది, కాబట్టి చేపకు కిలోకు దాదాపు 260. సాంద్రత 1000. చేప −2 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఫ్రీజర్ −18లో ఉంది, తేడా 16 డిగ్రీలు. ఫ్యాన్ లేని ఫ్రీజర్‌లో కదలని గాలికి h సుమారు 10, k సుమారు 1.5. పొట్లం మందం 5 సెంటీమీటర్లు అయితే జవాబు 12 గంటల పైచిలుకు. షిఫ్టున్నర అన్నమాట.

ఈ 12 గంటల్లో చేప లోపలి అడ్డంకి వాటా గంట కన్నా తక్కువే. మిగతా 11 గంటలూ గాలి తినేసినవే. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లవుతుందని కొందరు చెబుతారు కానీ, ఇంటి ఫ్రీజర్‌లో అది నిజం కాదు. 5 సెంటీమీటర్ల పొట్లాన్ని రెండున్నరకు పరిస్తే సమయం దాదాపు సగమై 6 గంటలకు దిగుతుంది. మందం అలాగే ఉంచి, ఫ్యాన్ తిరిగే ఫ్రీజర్‌లో h 25 దొరికిందనుకున్నా అయిదున్నర గంటలే. ఒకదానిపై ఒకటి పెడితే మాత్రం కథ మారిపోతుంది. రెండు కవర్లు తాకుతున్న చోట నుంచి వేడి బయటపడదు, కాబట్టి అవి కలిసి 10 సెంటీమీటర్ల ఒకే పొట్లంగా నడుస్తాయి. లెక్క 26 గంటలు చూపిస్తుంది.

ఇదే సూత్రం కోస్తాలో రొయ్యల ప్లాంట్లలో ఇంకోలా పలుకుతుంది. అక్కడ పాన్‌లలో అమర్చిన బ్లాకును −38 డిగ్రీల అల్యూమినియం ప్లేట్ల మధ్య నొక్కిపెడతారు. లోహం అంటుకుని ఉంటే h 200 దాకా అందుతుంది. 6 సెంటీమీటర్ల బ్లాకుకు లెక్క 54 నిమిషాలే. ఇక్కడ లోపలి అడ్డంకిదే పెద్ద వాటా, అందుకే మందం సగం చేస్తే సమయం మూడో వంతై 18 నిమిషాలకు పడిపోతుంది. అయితే ప్లేటుకూ బ్లాకుకూ మధ్య ఒక్క మిల్లీమీటరు గాలి సందు మిగిలినా h 20 చిల్లరకు జారిపోతుంది. అదే సందు రెండు వైపులా ఉంటే 54 నిమిషాల పని మూడున్నర గంటలకు చేరువవుతుంది. పాన్‌లో రొయ్యల మధ్య చల్లటి నీళ్లు పోసి నింపడానికి ఇదొక ముఖ్య కారణం. ప్లేట్ల మీద పేరుకున్న మంచును గీకి తీయకపోతే కూడా అదే నష్టం.

సూత్రానికి హద్దులున్నాయి. చేప అప్పటికే గడ్డకట్టే ఉష్ణోగ్రతకు చేరిందనీ, నీరంతా ఒకే డిగ్రీ దగ్గర గడ్డకడుతుందనీ అది అనుకుంటుంది. బజారు నుంచి వచ్చిన చేప 28 డిగ్రీల్లో ఉంటే ముందు ఆ వేడి పోవాలి. −5 దగ్గర కూడా కొంత నీరు ద్రవంగానే ఉంటుంది. అందుకే ఇంటి పొట్లానికి 12 గంటలని లెక్క వస్తే, నిజంలో 15 దాటుతుంది. అంతసేపు నానితే కణాల మధ్య మంచు స్ఫటికాలు పెద్దవై కండను చీలుస్తాయి. మళ్లీ కరిగించినప్పుడు గిన్నె అడుగున నీళ్లు ఊరి, ముక్క మెత్తబడేది అందుకే.

పైన గట్టిగా ఉంటే లోపలా గడ్డకట్టిందని అనుకోకూడదు. సన్నటి మొన ఉన్న థర్మామీటరును ముందే పొట్లం నడిమధ్యకు గుచ్చి ఉంచితే, ముల్లు −1, −2 మధ్య గంటల తరబడి కదలకుండా నిలుస్తుంది. ఆ తర్వాత అది గబగబా కిందికి దిగడం మొదలైతే మధ్య నీరు చాలావరకు గడ్డకట్టినట్టు. పొట్లం మధ్య −10కి చేరాక కవర్లను ఒకదానిపై ఒకటి పేర్చుకోవచ్చు. అంతవరకు ఒక్కొక్కటీ పల్చగా పరిచి, చుట్టూ వేలెడంత ఖాళీ ఉంచాలి.